నట్టల మందు తాగించినా దవడ కింద నీరెందుకు దిగింది?

ప్రశ్న: 40 గొర్రెలు, రెండు పాడి ఆవులు ఉన్నాయి, చెరువు అంచునే మేపుతాం. వానల మొదట్లో అన్నిటికీ ఆల్బెండజోల్ తాగించాను. నాలుగు నెలలు గడిచాక ఇప్పుడు మూడు గొర్రెలు చచ్చాయి, కొన్నిటికి దవడ కింద నీరు దిగింది. పెంటికలు పరీక్ష చేయిస్తే గుడ్లేమీ లేవన్నారు. చచ్చినదాన్ని కోస్తే కార్జం మీద ఎర్రటి గీతలు, పొట్టలో రక్తపు నీళ్లు కనిపించాయి. ఆవుల పాలు కూడా తగ్గాయి. ఏం చేయాలి?

జవాబు: మీరు కార్జం కోసి చూడటం మంచిదైంది, అసలు సంగతి అక్కడే తెలిసిపోయింది. ఆ ఎర్రటి గీతలు పిల్ల జలగలు కార్జాన్ని తొలుచుకుంటూ తిరిగిన దారులు. కార్జపు జలగ గొర్రె కడుపులోకి వెళ్లాక దాదాపు రెండు నెలలు కార్జంలో అలా తిరిగి, ఆ తర్వాతే పిత్తనాళాల్లో స్థిరపడి గుడ్లు పెడుతుంది. లోపలికి వెళ్లిన రోజు నుంచి గుడ్లు పేడలో కనిపించేదాకా మూడు నాలుగు నెలలు పడుతుంది. అంటే గొర్రెను చంపేది పిల్ల జలగైతే, మన పరీక్ష వెతికేది ముదురు జలగ పెట్టే గుడ్డు. ఇంకో మాట, ఈ గుడ్లు బరువు, ఉప్పునీటిలో తేల్చి చూసే పరీక్షలో సరిగా దొరకవు. పెంటికల్ని నీళ్లలో కలిపి, అడుగున దిగిన మడ్డిలో చూడమని అడగండి.

దవడ కింద నీరు రక్తం పీల్చే పొట్ట నట్టల వల్ల కూడా దిగుతుంది. అదైతే నాలుగో పొట్టలో సన్నటి ఎర్రటి దారపు పోగుల్లాంటి పురుగులు కనిపిస్తాయి, పెంటికల్లో గుడ్లూ బోలెడు ఉంటాయి. ఈ వాపు రెండిట్లోనూ సాయంత్రానికి, రోజంతా తల దించుకుని మేశాక, పెరుగుతుంది, తెల్లారేసరికి కాస్త తగ్గుతుంది. అందుకని పొద్దున చూసి నయమైందనుకోకండి.

మరి తాగించిన మందు ఏమైంది? ఆల్బెండజోల్ ముదురు జలగల మీదే పనిచేస్తుంది, పైగా ఒంట్లో ఎక్కువ రోజులు నిలవదు. వానల మొదట్లో పేడతో నీళ్లలో పడ్డ గుడ్లు రెండు మూడు వారాల్లో పొదుగుతాయి. వాటిలోంచి వచ్చిన పిల్ల ఒక రోజులోపు నత్తను పట్టుకోవాలి, లేకపోతే చచ్చిపోతుంది. నత్తలో ఒకటి రెండు నెలలు ఉండి, ఒక్కటి వందలై బయటికొచ్చి, నీటి అంచున గడ్డికి అంటుకుని గవ్వలా గట్టిపడుతుంది. వానలు ఆగి చెరువు తగ్గుతుంటే ఆ గడ్డే పచ్చగా బయటపడుతుంది, మన గొర్రెలు ముందు దాని మీదికే పోతాయి. మీరు మందు తాగించిన రోజున అసలు శత్రువు ఇంకా పుట్టనేలేదు.

నత్తల్లోనూ అన్నీ దోషులు కావు. మూత ఉండే పెద్ద నత్తల జోలికి పోనక్కర్లేదు. పల్చటి గుల్ల ఉండి, మూత లేనిది తీసుకుని, మొన పైకి, నోరు మీ వైపు పెట్టి చూడండి. నోరు కుడి పక్కన ఉంటే ఈ జాతిది కావచ్చు. నిలిచిన నీటిలో, తామరాకుల అడుగున, కాలువ కలుపులో ఇవి దొరుకుతాయి.

ఇప్పుడు గొర్రెలకు ట్రైక్లాబెండజోల్ తాగించండి, పిల్ల జలగల్ని కూడా చంపేది ఇదే. కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున 30 కిలోల గొర్రెకు 300 మి.గ్రా., అంటే 5 శాతం ద్రావణమైతే 6 మి.లీ. కంటి అంచనాతో కాకుండా ఒకటి రెండిటిని తూకం వేసి చూడండి, తక్కువ మోతాదుతో పురుగు మందుకు అలవాటు పడుతుంది. తల మరీ పైకెత్తకుండా నోటి పక్కనుంచి నెమ్మదిగా పోయండి, లేదంటే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాడి ఆవులకు మాత్రం ఈ మందు వద్దు, పాలలో చాలా రోజులు ఉంటుంది. వాటికి ఆక్సిక్లోజనైడ్ మేలు, పాలు ఎన్నాళ్లు వాడకూడదో సీసా మీద చూసి డాక్టరుగారిని అడిగి వేయండి. ఇది ముదురు జలగలకే, కాబట్టి 10 నుంచి 12 వారాలకు మళ్లీ వేయాలి. ఆవులు వట్టిపోయినప్పుడు ట్రైక్లాబెండజోల్ వాడొచ్చు.

మందు తాగించి ఆ గొర్రెల్ని మళ్లీ అదే అంచున వదిలితే డబ్బు దండగ. మెట్ట మీద మేపండి, నీళ్లు తొట్టిలో పెట్టండి. నీటి అంచు గడ్డి కోసుకొస్తే పచ్చిగా వేయకుండా ఎండలో బాగా ఎండబెట్టి, కొన్ని వారాలు పొడిగా నిల్వ ఉంచి వేయండి. నత్తల కోసం మైలుతుత్తం చల్లాలని కొందరు చెబుతారు, నాకిష్టం లేదు: చేపలు చస్తాయి, గొర్రెకు రాగి విషం. బాతులు వదలండి, కొంత తింటాయి.

వచ్చే ఏడాది వానలకు ముందు ఒకసారి ముదురు జలగల మందు ఇవ్వండి, చెరువులో గుడ్లు పడవు. వానలు మొదలైన మూడు నెలలకు ట్రైక్లాబెండజోల్, ఆ అంచునే మేపక తప్పకపోతే ఇంకో 8 నుంచి 10 వారాలకు మరోసారి. ఇప్పుడిచ్చిన మందు పట్టిందో లేదో చూడటానికి మాత్రం మూడు వారాల తర్వాత పెంటికలు పంపితే చాలదు, గుడ్లు మొదటినుంచీ లేవుగా. దవడ వాపు సాయంత్రాలు తగ్గుతోందా, చావులు ఆగాయా అని చూడండి, నాలుగు నెలలకు మడ్డి పరీక్ష చేయించండి.