2000 మందిని అడిగితే సరిపోదా?

ప్రశ్న: వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో 2000 మంది పత్తి రైతులను అడిగాం. వాళ్లు చెప్పింది జిల్లా రైతులందరికీ వర్తించదా?

వర్తిస్తుందని గట్టిగా చెప్పలేం. సంఖ్య పెద్దదే, కానీ నమూనా ఒకవైపు ఒరిగింది. ఊళ్లోనే దళారికి పత్తి అమ్మేసేవాళ్లు యార్డుకు రారు కదా. జిల్లాలో సగం మంది అలాంటివాళ్లే అనుకోండి. యార్డు గేటు దగ్గర నిలబడి ‘పత్తి ఎక్కడ అమ్ముతారు?’ అని అడిగితే దాదాపు అందరూ ‘ఇక్కడే’ అంటారు. 20,000 మందిని అడిగినా అదే జవాబు.

అదే జిల్లా రైతుల జాబితాలోంచి చీటీలు తీసినట్టు 400 మందిని ఎంచుకుంటే, వాళ్ల జవాబుకూ జిల్లా మొత్తం లెక్కకూ తేడా సాధారణంగా 5 శాతం అటూఇటూ దాటదు. 1600 మందిని తీసుకుంటే అది సగమవుతుంది. కొందరిని చూసి అందరి గురించి చెప్పే ఈ ఆగమన వాదన కూడా నూటికి నూరు శాతం రుజువేం కాదు, కానీ బలమైనది.

సంఖ్య పెరిగితే ఒరుగు కూడా సర్దుకుంటుందనుకోవడమే చాలామంది పొరపాటు. తగ్గేది చీటీల అదృష్టం వల్ల వచ్చే తేడా మాత్రమే.