వరద వార్త, మూడు వాక్యాలు

ప్రశ్న: "మా ఊరి గ్రూపులో రోజూ పేపర్లోని ఒక పెద్ద వార్తని మూడు వాక్యాల్లో పెడుతున్నాను. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అనే నాలుగింటిలో ఎప్పుడూ ఏదో ఒకటి జారిపోతోంది. ఎలా రాయాలి?"

మాది కోనసీమలో ఏటిగట్టు పక్క ఊరండి. ఈ పని నేను మొదలుపెట్టింది ఫోన్లో కాదు, గ్రంథాలయం అరుగు మీద. లైబ్రేరియన్ గారు బయట గోడకి ఒక నల్లబల్ల కట్టించి, పొద్దున్నే ముఖ్యమైన వార్తని సుద్దముక్కతో రాసే పని నాకు అప్పగించారు. పొలానికి పోయేవాళ్లు సైకిల్ దిగకుండా చదువుకుని వెళ్లిపోవాలి. బల్ల చిన్నది, మూడు వాక్యాలకి మించి పట్టదు. నాలుగేళ్లు రాశాను. తర్వాత బల్ల పోయి వాట్సాప్ గ్రూప్ వచ్చింది కానీ లెక్క మారలేదు.

మీకు ఏదో ఒకటి జారిపోవడానికి కారణం చాలావరకు మన జిల్లా పేజీ వార్తలు రాసే తీరే. మొదటి పేరాలో "గోదారమ్మ ఉగ్రరూపం", "లంకల గుండెల్లో గుబులు" లాంటి మాటలుంటాయి. అసలు సంగతి నాలుగో పేరాలో ఉంటుంది. పైనుంచి చదువుతూ కుదించుకుంటూ పోతే మీ మొదటి వాక్యం గుబులుకే సరిపోతుంది. అందుకని నేను ముందు మొత్తం ఒకసారి చదివి, ఆ తర్వాత పెన్సిల్‌తో క్రియలు మాత్రమే వెతుకుతాను. జారీ చేశారు, మునిగింది, తెలిపారు, పెరగొచ్చు. వీటిలో నిన్నటి పేపర్లో లేనిది, ఇవాళే కొత్తగా జరిగినది ఏదో చూసి దాని కింద గీత గీస్తాను. మీ "ఏమిటి" అదే. మిగతా మూడూ దాని చుట్టూ చేరాలి.

ఒక వార్త తీసుకుని చేసి చూపిస్తాను. ఇది నేను అల్లిన వార్తే, కానీ వరదల రోజుల్లో మా పేపర్లో వచ్చేవి అచ్చం ఇలాగే ఉంటాయి.

"అమలాపురం, ఆగస్టు 13: గోదారమ్మ మళ్లీ ఉగ్రరూపం దాల్చింది. లంకవాసుల కంటిమీద కునుకు లేదు. ఎగువన కురుస్తున్న వర్షాలకు వరద పోటెత్తుతోంది. మంగళవారం రాత్రి మొదటి ప్రమాద హెచ్చరిక జారీ కాగా, బుధవారం ఉదయం 12.4 అడుగులున్న నీటిమట్టం సాయంత్రం 6 గంటలకు 13.8 అడుగులకు చేరడంతో రెండో ప్రమాద హెచ్చరిక జారీ చేశారు. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 13.2 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి వదులుతున్నారు. కాజ్‌వే మునగడంతో నాలుగు లంక గ్రామాలకు రాకపోకలు నిలిచిపోయాయి. అరటి, కూరగాయల తోటల్లోకి నీరు చేరింది. 2022 జూలై నాటి వరదను స్థానికులు గుర్తు చేసుకుంటున్నారు. పడవలు ఏర్పాటు చేశామని తహసీల్దార్ తెలిపారు. గురువారం ఉదయానికి వరద మరింత పెరగవచ్చని జలవనరుల శాఖ అధికారులు, హెచ్చరిక జారీ చేస్తూ, అంచనా వేశారు."

కొత్తగా జరిగింది రెండో హెచ్చరిక. గీత దాని కింద పడుతుంది. మొదటి హెచ్చరిక నిన్నటిది, అది వదిలేయొచ్చు.

ఇప్పుడు "ఎక్కడ". వార్త మొదట్లో అమలాపురం అని ఉంది కదా అని చాలామంది "అమలాపురంలో రెండో ప్రమాద హెచ్చరిక" అని రాసేస్తారు. నేనూ మొదట్లో రాశాను. అమలాపురం విలేఖరి కూర్చున్న చోటు. నీటిమట్టం కొలిచింది ధవళేశ్వరంలో, అది తూర్పు గోదావరి జిల్లా. దారి తెగింది కోనసీమ జిల్లా లంకల్లో. అంటే ఈ ఒక్క వార్తలోనే మూడు చోట్లున్నాయి, అందులో రెండు మాత్రమే మనకి కావాలి.

వరద వార్తలో చోటు తప్పితే అంకెలన్నీ తప్పుతాయి. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. భద్రాచలంలో అవే హెచ్చరికలు 43, 48, 53 అడుగులకి. "గోదావరికి రెండో ప్రమాద హెచ్చరిక" అని మాత్రమే రాస్తే మా గట్టు మీదవాళ్లు అది భద్రాచలం సంగతో, బ్యారేజీ సంగతో తేల్చుకోలేరు. భద్రాచలంలో అయితే నీళ్లు మా దాకా రావడానికి ఇంకా వ్యవధి ఉంటుంది, గేదెల్ని తోలుకుని గట్టెక్కొచ్చు. బ్యారేజీ దగ్గరైతే నీళ్లు గుమ్మంలోకి వచ్చేస్తున్నట్టే.

"ఎవరు" దగ్గర మన భాషే మనల్ని మోసం చేస్తుంది. "హెచ్చరిక జారీ చేశారు" అనేది తెలుగులో పూర్తి వాక్యం. కర్త లేకపోయినా చెవికి ఏ వెలితీ తోచదు. అందుకే రాసేవాళ్లు వదిలేస్తారు, కుదించేవాళ్లు గమనించరు. పై వార్తలో జారీ చేసింది ఎవరో ఆఖరి వాక్యంలో దొరుకుతుంది, జలవనరుల శాఖ అధికారులు. "చేశారు", "నిర్ణయించారు", "ఆదేశించారు" కనపడినప్పుడల్లా ఆగి "ఎవరు?" అని అడగండి. వార్త మొత్తం వెతికినా దొరక్కపోతే "అధికారులు" అని మీరు కల్పించి పెట్టకండి. "ఎవరో వార్తలో చెప్పలేదు" అని రాసినా తప్పు లేదు.

ఇక "ఎప్పుడు". దీనివల్ల నేను పడ్డ తిప్పలు ఒకటుంది. ఒక ఆదివారం రాత్రి గ్రూపులో "రేపటి నుంచి రేవులో పంటు నడవదు" అని పెట్టాను. అది ఎవరో ఇంకో గ్రూపులోకి పంపారు, అక్కడినుంచి ఇంకోటి. మంగళవారం పొద్దున్న మా పక్కూరి రైతు అది చదివి, రేపు అంటే బుధవారం అనుకుని, ఇవాళైతే నడుస్తుందిలే అని కొబ్బరికాయల ట్రాక్టర్ తోలుకుని రేవుకొచ్చేశాడు. పంటు సోమవారమే ఆగిపోయింది. మళ్లీ చుట్టు తిరిగి వంతెన మీదుగా పోయాడు. డీజిల్ డబ్బులు నేనిస్తానంటే నవ్వేశాడు కానీ, ఆ రోజు నుంచి ఇవాళ, నిన్న, రేపు అనే మాటలు నేను రాయను. తేదీ, వారం రెండూ రాస్తాను. రెండూ ఎందుకంటే, ఒకటి తప్పు రాస్తే రెండోది పట్టిస్తుంది.

ఇంకో మెలిక, పేపర్లో "బుధవారం" అని ఉంటే అది సంగతి జరిగిన రోజు, పేపర్ మన చేతికొచ్చేది గురువారం. పేపర్ మీది తేదీ దింపేసుకుంటే ఒక రోజు జరిగిపోతుంది. నీటిమట్టానికైతే గంట కూడా వేయాల్సిందే. ఉదయం 12.4, సాయంత్రం 13.8. గంట లేకుండా ఏది రాసినా సగం అబద్ధమే.

ఇవన్నీ చేతిలో పెట్టుకుంటే మూడు వాక్యాలు ఇలా వస్తాయి:

"ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఆగస్టు 13 బుధవారం సాయంత్రం 6 గంటలకు గోదావరి 13.8 అడుగులకు చేరడంతో జలవనరుల శాఖ అధికారులు రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. కాజ్‌వే మునిగి కోనసీమ జిల్లాలో నాలుగు లంక గ్రామాలకు దారి తెగిపోయింది, పడవలు ఏర్పాటు చేశామని తహసీల్దార్ చెప్పారు. 14వ తేదీ గురువారం ఉదయానికి వరద ఇంకా పెరగొచ్చని అధికారుల అంచనా."

నాలుగు ప్రశ్నలకీ జవాబు మొదటి వాక్యంలోనే పడిపోయింది చూడండి. ఎవరైనా అదొక్కటే చదివి సైకిల్ తొక్కేసినా నష్టం లేదు. రెండో వాక్యం దానివల్ల ఏమైందో చెబుతుంది, మూడోది తర్వాత ఏమవుతుందో. క్యూసెక్కులు తీసేశాను, మావాళ్లకి అడుగులే తెలుసు కాబట్టి. మీ గ్రూపులో ఇంజినీర్లుంటే అడుగుల పక్కన 13.2 లక్షలు కూడా పెట్టుకోండి. తోటల సంగతి వదలడం నాకూ బాధే, కానీ ఎన్ని ఎకరాలో, ఏ ఊళ్లోనో వార్తలోనే లేదు. 2022 జ్ఞాపకం వార్త కాదు.

మూడు వాక్యాలన్నారు కదా అని "చేరి, మునిగి, తెగిపోయి, ఆందోళన చెందుతుండగా" అంటూ ఒక్కో వాక్యాన్ని గోదావరి పొడుగున లాగేవాళ్లున్నారు. తెలుగులో అలా ఎంతైనా లాగొచ్చు, వ్యాకరణం అడ్డు చెప్పదు. నాకు కొలత ఒక్కటే, ఒక్క ఊపిరిలో పైకి చదవగలగాలి. పైన మొదటి వాక్యం దానికి సరిగ్గా అంచున ఉంది.

కత్తిరించేటప్పుడు ఇంకొక్క చోట చెయ్యి వణకాలి, వాక్యం తోక దగ్గర. "కాంట్రాక్టర్ గట్టు పని సగంలో వదిలేశారని రైతులు ఆరోపించారు" అని ఉందనుకోండి. పొడుగెక్కువైందని చివరి రెండు మాటలు తీసి "కాంట్రాక్టర్ గట్టు పని సగంలో వదిలేశారు" అని రాస్తే, రైతుల మాట కాస్తా మీ మాటైపోయింది. తెలుగులో ఆ మాట అన్నదెవరో చివర్లోనే వస్తుంది కాబట్టి కత్తెర ముందు పడేది వాళ్ల మీదే. అలాంటప్పుడు తల తిప్పి రాయండి: "రైతుల ఆరోపణ ప్రకారం..." అప్పుడు ఎవరూ పొరపాటున తీయలేరు.

కొన్ని వార్తలు ఇందులో ఇమడవు. ఒకే వార్తలో వరద, దానికి సంబంధం లేని ధర్నా రెండూ కలిపేస్తారు, అప్పుడు రెండు వేర్వేరు పోస్టులు పెట్టడమే దారి. కొబ్బరి ధర ఎందుకు పడిపోతోందనే విశ్లేషణకి "ఎప్పుడు" ఉండదు, దాన్ని ఇందులో ఇరికిస్తే "ఎందుకు" ఎగిరిపోతుంది. దాని జోలికి పోకుండా లింక్ పెట్టేస్తాను.

రాశాక పేపర్ మూసేసి మా అమ్మకి చదివి వినిపిస్తాను. ఆవిడ పేపర్ చదవదు. వినేసి ఊరుకుంటే పంపేస్తాను. "ఎక్కడ్రా?" అనో "ఎవరన్నార్రా?" అనో అందంటే మళ్లీ పేపర్ తీస్తాను. మొన్న పైన రాసినలాంటిదే ఒకటి వినిపిస్తే, "ఏ కాజ్‌వే?" అంది. నేను రాయలేదు. పేపర్ తీసి చూస్తే అందులోనూ లేదు. రేవు దగ్గర టీ కొట్టు అతనికి ఫోన్ చేసి కనుక్కుని, "ఈ పేరు పేపర్లోది కాదు, మేం కనుక్కున్నది" అని విడిగా కింద రాసి పెట్టాను.