స్ట్రక్చర్‌కి ఆరు మార్కులు ఎక్కడ పోతాయంటే

ప్రశ్న: "మా డిగ్రీ కాలేజీలో సెమినార్ ప్రెజెంటేషన్ ఉంది. సార్ ఒక పేజీ నోట్ ఇచ్చారు. 20 మార్కుల్లో స్ట్రక్చర్‌కే 6 అని రాశారు. అసలు స్ట్రక్చర్ అంటే ఏం చూస్తారు? ఇంగ్లీష్ బాగా మాట్లాడితే చాలదా? చాలా టెన్షన్‌గా ఉంది."

నేను ఒడిశాలో, గజపతి జిల్లాలో డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతాను. అలాంటి నోట్ నేనూ ఇస్తాను, నాదీ 20 మార్కులకే. మొదట్లో కొన్నేళ్లు ఇవ్వలేదు. ఎందుకు మొదలుపెట్టానో చెబితే మీ సార్ ఆ ఆరు మార్కుల కోసం ఎక్కడ వెతుకుతారో మీకే తెలుస్తుంది.

మా క్లాసులో కాశీనగర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, పరీక్ష ఇంగ్లీషులో. మేం పర్లా అని పిలిచే పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగు పిల్లల్లో చాలామందిది ఇదే పరిస్థితి. ఆమె మా చిన్న రైలు గురించి మాట్లాడతానంది. పర్లాకిమిడి రాజావారి హయాంలో వేసిన నేరోగేజ్ లైను అది. 1900లో నౌపడ నుంచి పర్లా దాకా మొదలైంది, తర్వాత గుణుపూర్ దాకా పొడిగించారు. 2004లో బ్రాడ్‌గేజ్ పనుల కోసం ఆపేశారు. మళ్లీ గుణుపూర్ దాకా బండి నడిచేసరికి 2011 వచ్చింది. మంచి విషయం, మన ఊరి విషయం, నేను ఆశగా కూర్చున్నాను.

ఎనిమిది నిమిషాల టైముకి పద్నాలుగు స్లైడ్లు తెచ్చింది. మొదటిది స్వాగతం, రెండోది విషయసూచిక, మూడోది 1853లో బొంబాయి నుంచి ఠాణాకు నడిచిన మొదటి ప్యాసింజరు రైలు, నాలుగోది గేజ్ అంటే ఏమిటి, ఆ తర్వాత రాజావారి కుటుంబం. గొంతు బాగుంది, తడబాటు లేదు. ఆరో నిమిషానికి కూడా రాజావారి వంశం దగ్గరే ఉంది. ఎనిమిదో నిమిషంలో నేను టైమైపోయిందన్నాను. అప్పటికి తొమ్మిదో స్లైడు. వెళ్లి కూర్చోబోతూ, "మా తాత ఈ రైల్లోనే వంకాయ గంపలు పర్లా బజారుకి తెచ్చేవాడు సార్, అది పన్నెండో స్లైడులో ఉంది" అంది.

నేను 11 వేశాను. మర్నాడు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, "సార్, నాకు పోయిన తొమ్మిది మార్కులు ఎక్కడ పోయాయి?" అని అడిగింది. ఎదురు తిరిగినట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "ఇంకాస్త బాగా చెప్పాల్సిందమ్మా" అన్నాను. ఆ మాట పట్టుకుని ఆ పిల్ల ఏం దిద్దుకోగలదు? ఆ రాత్రి కూర్చుని మొదటి నోట్ రాశాను. మార్కులు ఐదు భాగాలు చేశాను: వరుసకి 6, ఆధారానికి 6, మాట్లాడటానికి 4, స్లైడ్లకి 2, చివర్లో వేసే ప్రశ్నలకి జవాబులు చెప్పినందుకు 2.

వరుస అంటే మీ సార్ రాసిన స్ట్రక్చరే. నా నోట్‌లో ఆ ఆరూ మూడు రెళ్లుగా ఉంటాయి. మొదటి నిమిషం పూర్తయ్యేలోపు మీరు దేనికి జవాబు వెతుకుతున్నారో ఒక్క ప్రశ్నగా మాకు వినపడితే రెండు. "చిన్న రైలు" అనేది విషయం, ప్రశ్న కాదు. "చిన్న రైలు ఆగిన ఏడేళ్లలో కాశీనగర్ కూరగాయలు పర్లాకి ఎలా చేరాయి?" అనేది ప్రశ్న. మధ్యలో ఆరు నిమిషాలు చెప్పే రెండు మూడు ముక్కలూ ఆ ప్రశ్నకే పనికొస్తూ, ఒకదాని తర్వాత ఒకటి ఎందుకొచ్చిందో తెలిస్తే ఇంకో రెండు. ఆఖరి నిమిషంలో ఆ ప్రశ్నకి జవాబు చెప్పి, టైములో ముగిస్తే మిగతా రెండు. ఏడో నిమిషంలో నేను ఒకసారి బల్ల మీద తడతాను. అప్పుడు ఎక్కడున్నా ఆపి, జవాబులోకి రావాలి. ఎనిమిది దాటితే ఒక మార్కు పోతుంది.

ఆమె మొదటి ప్రెజెంటేషన్‌ని ఈ కొలతతో మళ్లీ చూశాను. ప్రశ్న లేదు, కాబట్టి సున్నా. ముక్కలు పనికొచ్చే ప్రశ్నే లేకపోయినా, కాలక్రమం తప్పలేదని ఉదారంగా రెండు. జవాబు దాకా రాలేదు, మళ్లీ సున్నా. ఆరుకి రెండు. ఆధారానికి రెండు, మాటకి మూడు, స్లైడ్లకి ఒకటి, చివర్లో మేం వేసిన ప్రశ్నలకి చెప్పిన జవాబులకి రెండు కలిపితే పది. నేను వేసిందేమో పదకొండు. అంటే ఆ ఒక్క మార్కూ నేను మంచి గొంతుకి వేసుకున్నానన్నమాట. మీ రెండో ప్రశ్నకి నా సమాధానం కూడా ఇదే. ఇంగ్లీష్ ధారాళంగా వస్తే వినేవాళ్లు మోసపోతారు, మాస్టార్లతో సహా. కొలత రాసిపెట్టుకున్నవాడు మోసపోడు.

ఆధారం గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఇంటర్నెట్‌లో దొరికినది యథాతథంగా స్లైడు మీద పెట్టి చదివేయడం ఇప్పుడు అన్ని కాలేజీల్లో ఉంది. పాత లైను గేజ్ రెండున్నర అడుగులని అందరూ చెబుతారు. అది తప్పు కాదు, కానీ కూరగాయల ప్రశ్నకి దానితో ఏం పని? నేను ప్రతి ముక్కలో మూడు వెతుకుతాను: మీరు అన్న మాట ఏమిటి, ఎలా తెలిసింది, అది ఎంతవరకు నిజం. మూడోది చెప్పేవాళ్లు దాదాపు ఉండరు. "ఇది నేను ముగ్గురిని అడిగి తెలుసుకున్నది, బజారంతటికీ వర్తిస్తుందని చెప్పలేను" అన్న విద్యార్థికి మార్కు పెరుగుతుంది, తగ్గదు. తెలియదని ఒప్పుకుంటే మార్కు కోస్తారని పిల్లలకి ఎవరు నేర్పారో గానీ చాలా అన్యాయం చేశారు.

ఇంటర్నల్ మార్కులు అప్పటికి ఇంకా పంపలేదు. నోట్ క్లాసులో చదివి వినిపించి, కావాలన్నవాళ్లు వారం తర్వాత మళ్లీ చెప్పొచ్చన్నాను. ఏడుగురు ముందుకొచ్చారు, ఆ అమ్మాయి అందులో ఒకతి. రెండు రోజులకి స్లైడ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకొచ్చింది: పరిచయం, చరిత్ర, ప్రాముఖ్యత, మార్పులు, ముగింపు. నేను ఆమెనే అడిగాను, "ఈ ఐదు పేర్లూ మలేరియా మీద ప్రెజెంటేషన్‌కి పెడితే సరిపోతాయా?" కాసేపు చూసి, "సరిపోతాయి సార్" అంది. అప్పటినుంచి ఆ పరీక్ష నా నోట్‌లో చేరింది. స్లైడ్ల పేర్లు మాత్రమే పైనుంచి కిందకి చదవండి. అవి మీ విషయం తప్ప ఇంకే విషయానికీ అతకకూడదు, వరుసగా చదివితే మీ వాదన అర్థమవ్వాలి. పేరు ఒక పూర్తి వాక్యంగా రాయడమే దీనికి సులువైన దారి.

ఆదివారం ఆమె తాతగారితోపాటు ఊళ్లో కూరగాయలు అమ్మే ఇంకో ఇద్దరితో మాట్లాడింది. తిరిగొచ్చేసరికి స్లైడ్లు ఐదే ఉన్నాయి. మొదటి దాని మీద ప్రశ్న. తర్వాతి మూడూ ఇలా: "2004 దాకా గంపలు రైల్లోనే వెళ్లేవి", "రైలు ఆగాక జీపు కిరాయి మిగులు తినేసింది", "రైలు తిరిగొచ్చినా గంపలు రైలెక్కలేదు". ఐదోది జవాబు. బొంబాయి, ఠాణా, రాజావంశం అన్నీ పోయాయి. వాటిని తీసేయడానికే ఎక్కువ బాధపడ్డానని చెప్పింది. కష్టపడి సేకరించింది పారేయాలంటే ఎవరికైనా బాధే, కానీ ఎనిమిది నిమిషాల్లో మోయగలిగిన బరువు అంతే.

మూడో ముక్క చెప్పేటప్పుడు ఇంగ్లీష్ ఆపి, తాతగారి మాట తెలుగులోనే చెప్పింది: "రైలొచ్చింది గానీ నా గంప టైముకి రాలేదమ్మా." పొద్దున్నే బజారుకి అందాలంటే బండి వేళ కుదరలేదని, ఈలోగా జీపువాళ్లు చేను దగ్గరికే వచ్చి ఎక్కించుకోవడం అలవాటైపోయిందని తర్వాత ఇంగ్లీషులో వివరించింది. వెనక బెంచీవాళ్లు కూడా తలెత్తి చూశారు. మనుషులు చెప్పిన మాటని వాళ్ల భాషలోనే చెప్పొచ్చని నా నోట్‌లో ఉంది. తెలుగైనా, ఒడియా అయినా, సవర అయినా సరే, వెంటనే అర్థం చెబితే చాలు. కొందరు సహోద్యోగులు దీన్ని ఒప్పుకోరు, సెమినార్ అంటే మొత్తం ఇంగ్లీషే అంటారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆయన మాట్లాడే భాషలోనే చదువు సాగాలని పోరాడారు, సవర పిల్లల కోసం వాళ్ల భాష నేర్చుకున్నారు. అలాంటి ఊళ్లో ఒక తాత మాటని తర్జుమా చేసి చప్పబరిస్తేనే మార్కులంటే నేను వినను.

ఆమెకి రెండోసారి 17 వచ్చాయి. వరుసకి 5, ఎందుకంటే అర నిమిషం దాటింది. ఆధారానికి 5, ఎందుకంటే జీపు కిరాయి అంకె చెప్పింది గానీ అది ఏ సంవత్సరందో చెప్పలేదు. మాటకి అదే 3, ఎందుకంటే ఇప్పటికీ మా వైపు కాకుండా తెర వైపే తిరిగి మాట్లాడుతోంది. స్లైడ్లకి 2, జవాబులకి 2. ఈసారి ప్రతి మార్కూ ఎక్కడ పోయిందో కాగితం మీద రాసిచ్చాను. మళ్లీ స్టాఫ్ రూమ్‌కి రావాల్సిన పని పడలేదు.

కొన్నిచోట్ల గొడవ ఎందుకని క్లాసందరికీ 18 వేసేస్తారు. మీ సార్ కూర్చుని ఒక పేజీ రాశారంటే ఆయన అలాంటివారు కాదు. అందుకని ఆ పేజీ తీసుకుని వెళ్లండి. స్ట్రక్చర్‌కి 6 అని మాత్రమే ఉండి అవి ఎలా విడదీస్తారో లేకపోతే, "సార్, ఏముంటే నాలుగు వేస్తారు, ఏముంటే ఆరు వేస్తారు?" అని నేరుగా అడగండి. మీ స్లైడ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని అదీ చూపించండి. ప్రెజెంటేషన్ రోజు కాదు, కనీసం నాలుగు రోజుల ముందు, ఇంకా స్లైడ్లు తీసేయడానికి మనసొప్పే టైములో.