గాలి రెండింటికీ అడ్డమే, మరి నక్షత్రమే ఎందుకు మిణుకుమంటుంది?

ప్రశ్న: నక్షత్రాలకు సొంత వెలుగు ఉంది కాబట్టి మిణుకుమంటాయి, గ్రహాలకు లేదు కాబట్టి మిణుకుమనవు అని మా పాపకి బడిలో చెప్పారట. నేనేమో గాలి కదలడం వల్ల అని చదివాను. గాలి వల్లే అయితే గ్రహాల వెలుగు కూడా ఆ గాలిలోంచే వస్తుంది కదా, మరి వాటికెందుకు ఆ తేడా?

జవాబు:

మీరు చదివింది నిజమేనండీ, మీ అనుమానం కూడా న్యాయమైనదే. సొంత వెలుగుకీ మిణుకుకీ సంబంధం లేదని పాపకి ఒక్క మాటలో చెప్పొచ్చు: సూర్యుడిది సొంత వెలుగే, అయినా మిణుకుమనడు. అసలు తేడా ఆ వస్తువు మన కంటికి ఎంత వెడల్పుగా కనిపిస్తుందన్న దగ్గరే ఉంది.

ముందు గాలి సంగతి. వేడి గాలి పలచగా, చల్ల గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి వెలుగు ఒకదానిలోంచి ఇంకోదానిలోకి వెళ్లేటప్పుడు కొద్దిగా వంగుతుంది. ఆ వంపు చాలా చిన్నది. నేల దగ్గర ఒక డిగ్రీ వేడి తేడా వస్తే గాలి వెలుగును ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం మారేది పది లక్షల్లో ఒక వంతు మాత్రమే. కానీ పైన పది కిలోమీటర్ల ఎత్తు దాకా ఇలాంటి వేడి, చల్లటి ముద్దలు ఒకదానిలో ఒకటి కలుస్తూ, గాలివాటున కొట్టుకుపోతూ ఉంటాయి. వాటన్నిటినీ దాటి వచ్చేసరికి కిరణం సుమారు ఒక ఆర్క్ సెకను, అంటే డిగ్రీలో 3600వ వంతు, అటో ఇటో తిరిగిందనుకోండి. పది కిలోమీటర్ల ఎత్తులో ఆ మాత్రం తిరిగినా నేల మీదికి వచ్చేసరికి అది 5 సెంటీమీటర్లు పక్కకు పడుతుంది. చీకట్లో మన కంటిపాప వెడల్పు 5 నుంచి 7 మిల్లీమీటర్లే. అంటే మన కంట్లో పడాల్సిన కిరణం పక్కవాళ్ల భుజం మీద పడొచ్చు, మరుక్షణం ఇంకెక్కడో పడాల్సింది మన కంట్లోకి రావొచ్చు.

మధ్యాహ్నం ఎండలో నీళ్ల తొట్టి అడుగున వెలుగు గీతలు పరుగులు తీస్తుంటాయే, నక్షత్రపు వెలుగు కూడా నేల మీద అలాగే చారలు చారలుగా పడి కదులుతూ ఉంటుంది. ఆ చారలు కొన్ని సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి, పైగాలి వేగంతో మన మీదుగా పోతుంటాయి. వెలుగు చార కంటి మీదుగా పోతే నక్షత్రం మెరుస్తుంది, నీడ చార పోతే మసకబారుతుంది. మిణుకంటే ఇదే.

ఇక మీరు అడిగిన తేడా. 2026 జనవరిలో గురుడు మిథున రాశిలో ఉన్నప్పుడు సిరియస్ నక్షత్రం, గురుడు ఒకే రాత్రి ఆకాశంలో బాగా కనిపించాయి. మా మేడ మీద నుంచి రెండింటినీ చాలాసేపు మార్చి మార్చి చూశాను కాబట్టి వాటితోనే లెక్క చెబుతాను. సిరియస్ సూర్యుడి కంటే పెద్దదే, కానీ 8.6 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అందుకే మనకు కనిపించే దాని వెడల్పు 0.006 ఆర్క్ సెకన్లు మాత్రమే. గురుడు అప్పుడు సుమారు 63 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, కనిపించే వెడల్పు దాదాపు 46 ఆర్క్ సెకన్లు. మామూలు కంటికి రెండూ చుక్కలే. గాలికి మాత్రం కావు.

మన కంటి నుంచి సిరియస్ రెండు అంచులకీ రెండు గీతలు గీశామనుకోండి. పది కిలోమీటర్ల ఎత్తులో వాటి మధ్య ఎడం 0.3 మిల్లీమీటర్లు. అంటే ఆ నక్షత్రం వెలుగంతా ఒకే సన్నని దారిలో వస్తోంది, ఆ దారిలో ఏ గాలి ముద్ద అడ్డొస్తే వెలుగంతా దాని పాలే. గురుడికి అదే గీత గీస్తే అక్కడ ఎడం 2 మీటర్ల పైమాటే. మిణుకు పుట్టించే ముద్దలు 5 నుంచి 10 సెంటీమీటర్లవి కాబట్టి, ఆ వెడల్పులో ఏకకాలంలో కొన్ని వందల ముద్దలు ఇముడుతాయి. గురుడి బింబంలో ఒక మూల నుంచి వచ్చే కిరణం ఒక ముద్ద వల్ల కంటికి తప్పిపోతే, ఇంకో మూల నుంచి వచ్చేది వేరే ముద్ద వల్ల అదే క్షణంలో కంట్లో పడుతుంది. వంద ముద్దలు ఎవరి దారిన అవి కదులుతుంటే మొత్తం మీద కనిపించే ఒడుదుడుకు పదో వంతుకి పడిపోతుంది. ముద్దలు కొన్ని వందలైతే ఇంకా తగ్గుతుంది, అప్పుడు కన్ను దాన్ని పసిగట్టలేదు.

మరి మన తల మీదే ఉన్న గాలి సంగతేమిటి అని అడగొచ్చు. వంద మీటర్ల ఎత్తులో గురుడి దారి కూడా 2 సెంటీమీటర్ల కంటే కాస్తే ఎక్కువ కదా, అక్కడ సర్దుబాటు ఎలా జరుగుతుంది? అక్కడ జరగదు, జరగాల్సిన అవసరమూ లేదు. వంద మీటర్ల నుంచి కిరణం ఒక ఆర్క్ సెకను వంగినా కింద అర మిల్లీమీటరే జరుగుతుంది, కంటిపాప దాటి పోదు. మిణుకు ఎక్కువగా పైగాలి పనే. ఇది నాకు బాగా నచ్చే విషయం, ఎందుకంటే కళ్లతో చూడొచ్చు. టెలిస్కోపులో సిరియస్‌ని పెట్టి ఫోకస్ కావాలనే బాగా తప్పిస్తే చుక్క పెద్ద బిళ్లలా విచ్చుకుంటుంది. ఆ బిళ్ల మీద నీడ చారలు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి గబగబా పరుగెడతాయి. మేడ మీద గాలి ఒక వైపు వీస్తుంటే చారలు వేరే వైపు పోవడం నేను చూశాను.

గురుడి వెలుగును గాలి వదిలేస్తుందని మాత్రం అనుకోకండి. అదే టెలిస్కోపులో గురుడిని చూస్తే అంచు సలసల మరుగుతున్నట్టు కదులుతుంది, బింబం మీద కనిపించే పట్టీలు ఒక క్షణం స్పష్టంగా కనిపించి మళ్లీ అలుక్కుపోతాయి. మొత్తం వెలుగు మారదు గానీ బింబం లోపలి వివరాలు చెదురుతూనే ఉంటాయి. నక్షత్రాలు తళతళలాడే రాత్రి చూడ్డానికి అందంగా ఉంటుంది, గురుడి పట్టీలు చూద్దామనుకునేవాళ్లకి మాత్రం అది మంచి రాత్రి కాదు.

సిరియస్ తూర్పున ఉదయిస్తున్నప్పుడు ఎరుపు, నీలం, ఆకుపచ్చ మార్చి మార్చి మెరవడం కూడా ఇందులో భాగమే. ఆకాశం అంచున ఉన్నప్పుడు వెలుగు గాలిలో ఏటవాలుగా చాలా దూరం రావాలి. నీలం ఎరుపు కంటే కాస్త ఎక్కువ వంగుతుంది కాబట్టి, పైన రెండు రంగులూ వేర్వేరు ముద్దల్లోంచి వస్తాయి, దేని మిణుకు దానిదే. అగస్త్య నక్షత్రం మన తెలుగు ప్రాంతాల్లో ఎప్పుడూ దక్షిణాన తక్కువ ఎత్తులోనే ఉంటుంది. గుంటూరు వైపు నుంచి చూస్తే గరిష్ఠంగా 21 డిగ్రీలే లేస్తుంది. అక్కడ నిట్టనిలువు దారి కంటే మూడు రెట్ల దాకా గాలి అడ్డం వస్తుంది, అందుకే అది నెత్తి మీదున్న నక్షత్రాల కంటే ఎక్కువ మిణుకుమంటుంది.

గ్రహాలు కూడా అంచుకు దిగినప్పుడు కొంచెం మిణుకుమంటాయి. బుధుడి బింబం చిన్నది, పైగా సంధ్యవేళ అంచు దగ్గరే కనిపిస్తాడు, కాబట్టి బాగానే మిణుకుమంటాడు. కుజుడి సంగతి దూరాన్ని బట్టి ఉంటుంది. 2003 ఆగస్టులో భూమికి దగ్గరగా వచ్చినప్పుడు బింబం 25 ఆర్క్ సెకన్లు, దూరంగా ఉన్నప్పుడు 4కి కాస్త అటూ ఇటూ. అలాంటి రోజుల్లో కుజుడు తక్కువ ఎత్తులో ఉంటే మిణుకును బట్టి గ్రహమా నక్షత్రమా అని తేల్చలేం. అప్పుడు పక్కనున్న నక్షత్రాలతో పోల్చి దాని చోటు గుర్తుపెట్టుకుని, వారం పోయాక మళ్లీ చూడమనండి పాపని. జరిగితే గ్రహం.