గేరు దానంతట అదే మారిపోతుంటే ముందు చూడవలసింది వెనుక చివరి ఔటర్‌ను

ప్రశ్న: నాది వెనుక 8 స్ప్రాకెట్లున్న హైబ్రిడ్ సైకిలు, కొని రెండేళ్ళు దాటింది. ఎత్తు ఎక్కేటప్పుడు లివర్ ముట్టుకోకపోయినా గేరు దానంతట అదే మారిపోతోంది. కేబుల్ సాగిందని షాపులో బిగించారు, లిమిట్ స్క్రూలు కూడా తిప్పారు. నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మొదలైంది. ఇంకేం చూడాలి?

కేబుల్ బిగించగానే తగ్గి, కొద్ది రోజుల్లో తిరిగి వచ్చే ఈ ఇబ్బందికి కారణం చాలావరకు ఔటర్, అంటే కేబుల్ దూరి వెళ్ళే పై గొట్టం, లోపలి రాపిడే. విశాఖలో బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వైపు తొక్కే మాకు ఇది బాగా పరిచయం. ఉప్పుగాలి, ఇసుక, వానాకాలపు నీళ్ళు కలిసి కేబుళ్ళను త్వరగా పాడుచేస్తాయి. నా సైకిలులోనూ వెనుక 8 స్ప్రాకెట్లే, దానికీ ఇవే లక్షణాలు వచ్చాయి. అందుకే నేను ఏ క్రమంలో చూశానో కొంచెం వివరంగా రాస్తున్నాను.

చైన్‌ను ఒక స్ప్రాకెట్ మీదినుంచి మరోదాని మీదికి జరిపే వెనుక డిరైలర్ ఎలా కదులుతుందో తెలిస్తే కారణాన్ని సగం పట్టుకున్నట్టే. పెద్ద స్ప్రాకెట్ వైపు దాన్ని లాగేది మీ లివర్ కదిపే ఇన్నర్ కేబుల్, అంటే ఔటర్ లోపలి ఉక్కు తీగ; చిన్న స్ప్రాకెట్ వైపు తిరిగి తీసుకుపోయేది డిరైలర్‌లో ఉన్న స్ప్రింగు మాత్రమే. వేలి బలం ముందు స్ప్రింగు బలం తక్కువ కాబట్టి, ఔటర్‌లో తుప్పు, మట్టి చేరితే పెద్ద వైపు గేరు పడుతూనే ఉంటుంది, చిన్న వైపు మాత్రం ఆలస్యమవుతుంది. స్ప్రింగు ఇన్నర్‌ను పూర్తిగా వెనక్కి లాగలేక డిరైలర్ దారి మధ్యలో ఆగిపోతుంది. చైన్ అప్పటికి చిన్న స్ప్రాకెట్ మీదికి దిగినా, దాన్ని నడిపించే పుల్లీ ఇంకా లోపలి వైపే ఉంటుంది. మీరు ఎత్తు ఎక్కుతూ బలంగా తొక్కినప్పుడు చైన్ పక్క స్ప్రాకెట్ పళ్ళకు రాసుకుని, వాటికి చిక్కి, మళ్ళీ పెద్దదాని మీదికి ఎక్కేస్తుంది. ఒక్కోసారి దీనికి వ్యతిరేకంగా, లివర్ నొక్కిన చాలాసేపటికి రోడ్డు మీద గతుకు తగిలినప్పుడు, ఆ అదురుకు ఇన్నర్ విడివడి డిరైలర్ మిగిలిన దూరం జరుగుతుంది. చూసేవారికి ఈ రెండూ గేరు దానంతట అదే మారినట్టే కనిపిస్తాయి.

కాబట్టి ముందుగా ఏ దిశలో ఆలస్యమవుతోందో గమనించండి. పెద్ద స్ప్రాకెట్‌కు ఎక్కడంలో మాత్రమే ఆలస్యమైతే కేబుల్ వదులైందని అర్థం. ఔటర్ చివర చేత్తో తిప్పేలా ఉండే బ్యారెల్ అడ్జస్టర్‌ను పావు చుట్టు బయటికి విప్పితే సరిపోతుంది, ఎందుకంటే అది బయటికి వచ్చే కొద్దీ ఇన్నర్ బిగుసుకుంటుంది. చిన్నదానికి దిగడంలో ఆలస్యమైతే బిగువు ఎక్కువైనా అయి ఉండాలి, రాపిడి అయినా ఉండాలి. వీటిని వేరు చేయడానికి అదే అడ్జస్టర్‌ను పావు చుట్టు లోపలికి తిప్పి చూడండి. దిగడం, ఎక్కడం రెండూ బాగుపడితే బిగువే కారణం. దిగడం బాగుపడి ఎక్కడం చెడితే, ఎటు తిప్పినా ఒక దిశ మాత్రమే సరిపోతుంటే, ఇక ఆ అడ్జస్టర్‌తో పని లేదు. మీ షాపులో జరిగింది ఇదేనని నా అంచనా: బిగించగానే ఎక్కే దిశ బాగుపడింది, రాపిడి ఔటర్‌లోనే మిగిలిపోయింది.

రాపిడిని చేత్తో తెలుసుకోవచ్చు. వెనుక చక్రాన్ని పైకెత్తి, పెడల్ తిప్పుతూ చైన్‌ను అతి పెద్ద స్ప్రాకెట్ మీదికి తెచ్చి చక్రం ఆపండి. ఆ తరువాత పెడల్ తిప్పకుండా లివర్‌ను మాత్రం అతి చిన్న స్ప్రాకెట్ గేరు వరకు నొక్కండి. చైన్ కదలదు కాబట్టి డిరైలర్ అక్కడే ఉండిపోతుంది, ఇన్నర్ పూర్తిగా వదులవుతుంది. ఫ్రేమ్ మీద ఔటర్ కూర్చునే బుడిపెలకు చీలిక ఉంటే, ఇప్పుడు ఔటర్‌ను అందులోనుంచి పక్కకు తప్పించి ఇన్నర్ మీద ముందుకూ వెనక్కూ జరపవచ్చు. ఫ్రేమ్ లోపలినుంచి కేబుల్ వెళ్ళే సైకిళ్ళలో మాత్రం డిరైలర్ దగ్గర బోల్టు విప్పక తప్పదు. మంచి ఔటర్ దాని బరువుకే జారిపోతుంది. నా సైకిలులో హ్యాండిల్ దగ్గరి ముక్క అలాగే జారింది. వెనుక డిరైలర్‌లోకి వెళ్ళే చిన్న వంపు ముక్క మాత్రం కరకరమని ఆగి ఆగి కదిలింది. దాన్ని పూర్తిగా పక్కకు జరిపితే, ఔటర్ చివరి టోపీ కూర్చునే చోట ఇన్నర్ మీద వేలి వెడల్పున గోధుమరంగు మచ్చ కనిపించింది. టోపీని నేలకు తట్టితే ఎర్రటి పొడి రాలింది. చక్రం చిమ్మే నీళ్ళకు అతి దగ్గరగా ఉండేదీ, అన్నిటికంటే ఎక్కువ వంపు ఉండేదీ ఈ ముక్కే. అందుకే సైకిలు ఏదైనా నేను ముందు దాన్నే చూస్తాను.

మచ్చ కనబడితే నూనె పోసి సరిపెట్టకండి. నూనె కొన్నాళ్ళు జారుడు ఇస్తుంది కానీ, తుప్పు పొడితో కలిసి ముద్దయి మళ్ళీ అదే స్థితికి తెస్తుంది. ఇన్నర్, ఔటర్ రెండూ మార్చడమే మంచిది. సైకిలు విడిభాగాల్లో ఇవి చవకైనవే. ఇన్నర్ 1.2 మిల్లీమీటర్లది, ఔటర్ 4 మిల్లీమీటర్ల గేరు ఔటర్ అని స్పష్టంగా అడిగి తీసుకోండి. చిన్న షాపుల్లో ఒక్కోసారి బ్రేకు ఔటర్ ముక్క కోసి ఇచ్చేస్తారు, అక్కడే మొత్తం పని చెడుతుంది. బ్రేకు ఔటర్‌లో తీగ చుట్టలుగా ఉంటుంది కాబట్టి ఇన్నర్‌ను లాగినప్పుడు అది పొడవులో నొక్కుకుపోతుంది. గేరు ఔటర్‌లో తీగలు నిలువుగా ఉండి పొడవు మారనివ్వవు. 8 స్ప్రాకెట్ల షిమానో తరహా అమరికలో లివర్ ఒక్క నొక్కుకు లాగేది సుమారు 2.8 మిల్లీమీటర్ల కేబుల్, స్ప్రాకెట్ల మధ్య దూరం 4.8 మిల్లీమీటర్లు. అంటే కేబుల్‌లో అర మిల్లీమీటరు పోతే పుల్లీ దగ్గర దాదాపు 0.85 మిల్లీమీటరు తేడా వస్తుంది, గేరు గుర్తు తప్పడానికి అది చాలు. గేరు ఔటర్‌ను బ్రేకుకు వాడటం మాత్రం ఎన్నడూ చేయకండి, ఆ ఒత్తిడికి అది చీలిపోయే ప్రమాదముంది.

ఔటర్‌ను కేబుల్ కట్టర్‌తోనే కోయండి, మామూలు కటింగ్ ప్లయర్ దాని నోటిని నలిపేస్తుంది. కోసిన చివరను ఆకురాయితో చదును చేసి, లోపలి ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోయి ఉంటే సూదిమొనతో గుండ్రంగా తెరిచి, అప్పుడు టోపీ తొడగండి. వెనుక ముక్కను పాతదాని కొలతకే గుడ్డిగా కోయకుండా, డిరైలర్‌లోకి తిన్నగా ప్రవేశిస్తోందా అని పెట్టి చూడండి. పొట్టిదైతే నోటి దగ్గర మడతపడి కొత్త రాపిడి పుడుతుంది. హ్యాండిల్ దగ్గరి ముక్క పొట్టిగా ఉంటే మరో చిక్కు వస్తుంది. నిలబెట్టి ఉన్న సైకిలు హ్యాండిల్‌ను రెండు పక్కలకూ పూర్తిగా తిప్పినప్పుడు డిరైలర్ కదిలితే, అదీ గేరు దానంతట అదే మారడానికి ఒక కారణమే.

కేబుల్ సాగడం గురించి ఒక మాట చెప్పాలి. మన లివర్ లాగే బలానికి ఉక్కు తీగ చెప్పుకోదగినంత సాగదు. కొత్త కేబుల్ వేసిన తొలి రోజుల్లో వచ్చే వదులు ఔటర్ చివరలు టోపీల్లో, టోపీలు ఫ్రేమ్ బుడిపెల్లో సర్దుకోవడం వల్ల వస్తుంది. ఇన్నర్ బిగించాక ఫ్రేమ్ మధ్యలో బయటికి కనిపించే చోట దాన్ని పట్టి రెండు మూడుసార్లు గట్టిగా లాగితే ఈ సర్దుబాటులో చాలావరకు అక్కడికక్కడే తీరిపోతుంది. రెండేళ్ళ పాత కేబుల్ ఇంకా సాగుతోందని ఎవరైనా అంటే, లివర్ లోపల ఇన్నర్ తల దగ్గర తీగ పోగులు తెగుతున్నాయేమో, డిరైలర్ బోల్టు కింద ఇన్నర్ జారుతోందేమో చూడమనండి. పోగులు తెగడం మొదలైతే కేబుల్ పూర్తిగా తెగడానికి ఎంతో కాలం పట్టదు.

ఇక లిమిట్ స్క్రూలు. హెచ్, ఎల్ అక్షరాలున్న ఈ రెండు స్క్రూలూ డిరైలర్ ప్రయాణానికి రెండు చివర్లలో గోడలు మాత్రమే. మధ్య గేర్లలో వచ్చే ఏ తేడానూ అవి సరిచేయలేవు. మీ సైకిలుకు వాటిని తిప్పారు కాబట్టి, తొక్కే ముందే ఎల్ స్క్రూను పరీక్షించండి: పెడల్‌ను నెమ్మదిగా తిప్పుతూ డిరైలర్‌ను చేత్తో లోపలికి నెట్టినప్పుడు పుల్లీ పెద్ద స్ప్రాకెట్ కిందకు వచ్చి ఆగాలి, దాన్ని దాటకూడదు. దాటితే ఎత్తులో ఒకరోజు చైనో డిరైలరో చువ్వల్లో పడి, చక్రం, డిరైలర్ రెండూ పోతాయి, మనిషీ పడతాడు. హెచ్ స్క్రూను ఇన్నర్ విప్పి ఉన్నప్పుడే సరిచేయాలి. వెనుకనుంచి చూస్తే పుల్లీ అతి చిన్న స్ప్రాకెట్ బయటి అంచుకు వరుసలో ఉండాలి. ఈ స్క్రూ ఎక్కువ బిగిసి ఉండగా కేబుల్ కడితే అతి చిన్న స్ప్రాకెట్ గేరు స్థానమే లోపలికి జరిగిపోతుంది. అక్కడినుంచి ప్రతి గేరూ అంతే తప్పుతుంది, మనం మాత్రం కేబుల్‌ను తప్పుపడుతూ ఉంటాం.

హెచ్ స్క్రూ కుదిరాక లివర్‌ను అతి చిన్న స్ప్రాకెట్ గేరులో పెట్టి, అడ్జస్టర్‌ను పూర్తిగా లోపలికి తిప్పి ఒక చుట్టు బయటికి తెచ్చి, ఇన్నర్‌ను చేత్తో బిగువుగా లాగి బోల్టు బిగించండి. పైన చెప్పినట్టు సర్దుబాటు లాగుళ్ళు లాగి, మళ్ళీ వదులు వస్తే తీసేయండి. ఒక నొక్కుతో చైన్ రెండో స్ప్రాకెట్‌కు ఎక్కాలి. అక్కడ ఉంచి, పెడల్ తిప్పుతూ, మూడోదానికి చైన్ రాసుకునే శబ్దం మొదలయ్యేదాకా అడ్జస్టర్‌ను కొంచెం కొంచెంగా బయటికి విప్పండి. శబ్దం రాగానే అది ఆగేంత మేరకు మాత్రమే వెనక్కి తిప్పండి. ఆ స్థానమే మిగిలిన అన్ని గేర్లకూ సరిపోవాలి.

ఇంత చేశాక కూడా చిన్న స్ప్రాకెట్ల వైపు బాగుండి పెద్దవాటి దగ్గర తప్పుతుంటే, డిరైలర్‌ను మోసే హ్యాంగర్ వంగి ఉంటుంది. సైకిలు కుడిపక్కకు ఒక్కసారి పడినా అది వంగుతుంది. వెనుకనుంచి చూసినప్పుడు పుల్లీల పంజరం స్ప్రాకెట్లకు సమాంతరంగా లేకపోతే, హ్యాంగర్ సరిచేసే గేజ్ ఉన్న షాపుకే తీసుకెళ్ళండి. గేరు మారకుండా, మీరు ఎక్కువగా వాడే ఒకటి రెండు స్ప్రాకెట్ల మీద మాత్రమే పెడల్ టక్కుమని ముందుకు జారితే అది చైన్, స్ప్రాకెట్ల అరుగుదల. దానికి కేబుల్‌తో సంబంధం లేదు. చైన్‌లో ఒక పిన్ మధ్యనుంచి 24 పిన్‌లు లెక్కపెట్టి స్కేలుతో కొలవండి. కొత్తగా ఉన్నప్పుడు సరిగ్గా 12 అంగుళాలుండే ఆ దూరం, అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైన్ మార్చే సమయం వచ్చినట్టే.