3f ఆర్బిటాల్ ఎక్కడ దొరికింది నీకు?

చిరంజీవికి ఆశీస్సులు.

హైడ్రోజన్ వర్ణపటం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ నాలుగో పేరాలో “3f ఆర్బిటాల్ నుంచి ఎలక్ట్రాన్ 2s లోకి దూకగానే 652.6 నానోమీటర్ల ఎర్రని కాంతి వెలువడుతుంది” అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఆ ఆర్బిటాల్ లేదు, ఆ దారి లేదు, ఆ అంకె కూడా సరైంది కాదు.

ముందు ఆర్బిటాల్ సంగతి. మూడో స్థాయికి, అంటే n = 3 అయితే, ఆర్బిటాల్ ఆకారాన్ని చెప్పే l విలువ 0, 1, 2 దగ్గర ఆగుతుంది. s, p, d అంటే అవే, f కి l = 3 కావాలి. “l గరిష్ఠంగా n−1” అని బట్టీ పట్టినవాళ్లు పరీక్ష గట్టెక్కుతారు గానీ వ్యాసం రాసేటప్పుడు ఇలాగే జారిపడతారు. కారణం పట్టుకో. కేంద్రకం నుంచి బయటికి వెళ్తుంటే ఎలక్ట్రాన్ కనిపించే అవకాశం సున్నా అయ్యే గోళాకారపు పొరలు తగులుతాయి. వాటినే రేడియల్ నోడ్లు అంటాం. వాటి సంఖ్య n−l−1. 3s కి రెండు, 3p కి ఒకటి, 3d కి ఒక్కటీ లేదు. ఇక 3f కి లెక్కవేస్తే మైనస్ ఒకటి వస్తుంది. ఒకటి తక్కువైన సున్నా పొరలు ఎక్కడుంటాయి? అందుకే f అనేది n = 4 దగ్గర గానీ మొదలవదు. ఆర్బిటాల్ దిశను చెప్పే m విలువలు −l నుంచి +l దాకా కాబట్టి n = 3 లో ఉన్నవి 1+3+5, మొత్తం తొమ్మిది ఆర్బిటాళ్లే.

ఇక దారి. క్వాంటం సంఖ్యలను ఇంటి చిరునామాతో పోల్చావు: ఊరు, వీధి, ఇంటి నంబరు. ఈ పోలిక ఎడిటర్లకు ప్రాణం. తీసేసి పంపితే “సామాన్య పాఠకుడికి అందదు” అని తిప్పి పంపుతారు. అయినా సరే, తీసెయ్. చిరునామా తెలిస్తే ఏ ఇంటి నుంచి ఏ ఇంటికైనా వెళ్లొచ్చు, పరమాణువులో అలా కుదరదు. మామూలు డైపోల్ ఉద్గారంలో ఫోటాన్ పోతూ పోతూ ఒక యూనిట్ కోణీయ ద్రవ్యవేగం పట్టుకుపోతుంది, కాబట్టి l కచ్చితంగా ఒకటి పెరగాలి లేదా ఒకటి తగ్గాలి. మూడో స్థాయి నుంచి రెండో స్థాయికి తెరిచి ఉన్న దారులు మూడే: 3s నుంచి 2p కి, 3p నుంచి 2s కి, 3d నుంచి 2p కి. 3s నుంచి 2s కి లేదు, 3d నుంచి 2s కీ లేదు. హైడ్రోజన్‌లో శక్తి దాదాపు n మీదే ఆధారపడుతుంది గనుక ఈ మూడు దారుల కాంతీ ఒకే గీతలా కనిపిస్తుంది. నిశితంగా చూస్తే అది సుమారు 0.016 నానోమీటర్ల ఎడంతో జంట గీత. మైకెల్సన్, మోర్లీ 1887 లోనే ఆ జంటను గమనించారు.

2s లో చేరిన ఎలక్ట్రాన్ కథ నీ వ్యాసంలో అసలు లేదు, నిజానికి రుచంతా అక్కడే ఉంది. కిందనున్న 1s కి కూడా l = 0. ఒక్క ఫోటాన్‌తో దిగే దారి మూసుకుపోయింది. 2p లోని ఎలక్ట్రాన్ సగటున 1.6 నానోసెకన్లలో 1s కి దిగిపోతే, ఒంటరిగా ఉన్న పరమాణువులో 2s ఎలక్ట్రాన్ సుమారు సెకనులో ఎనిమిదో వంతు కాలం చిక్కుకుని, చివరికి రెండు ఫోటాన్లు వదిలి దిగుతుంది. పక్క పరమాణువు గుద్దుకున్నా, విద్యుత్ క్షేత్రం తగిలినా 2p తో కలిసిపోయి ముందే జారుకుంటుంది. చిరునామా పోలికలో ఇది ఇముడుతుందా?

చివరిగా అంకె. 652.6 ఎలా వచ్చిందో చెప్తాను. మూడో స్థాయి శక్తిని −1.5, రెండోదాన్ని −3.4 ఎలక్ట్రాన్ వోల్టులని ముందే కుదించి, తేడా 1.9 తో, శక్తిని నానోమీటర్లలోకి మార్చే 1240 ని భాగించావు. తీసివేత అయ్యేదాకా దశాంశాలు కుదించకూడదు. అసలు తేడా 1.889, దానితో భాగిస్తే 656.4 వస్తుంది. ఇంకా మేలైన పద్ధతి ఇది:

1/λ = R(1/2² − 1/3²) = R × 5/36

ఇందులో R అంటే రిడ్‌బర్గ్ స్థిరాంకం, దాని దగ్గర మరో గొయ్యి ఉంది. పుస్తకాల్లో తరచు కనిపించే 1.09737 × 10⁷ m⁻¹ కేంద్రకం అనంత భారమైనదనుకుని కట్టిన విలువ, దానితో 656.11 వస్తుంది. ప్రోటాన్ కూడా కాస్త కదులుతుంది కాబట్టి హైడ్రోజన్‌కి 1.09678 × 10⁷ వాడాలి. అప్పుడు 656.47 వస్తుంది. “మరి పట్టికల్లో 656.28 ఉందేం?” అని కంగారుపడి లెక్క దిద్దకు. నీది శూన్యంలో తరంగదైర్ఘ్యం, పట్టికది గాలిలోది. గాలి వక్రీభవన గుణకం 1.00028 తో భాగించి చూడు, సరిపోతుంది. అంకె పక్కన “గాలిలో” అనో “శూన్యంలో” అనో రాయడం మరిచిపోకు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు ఆ నాలుగో పేరా తిరగరాసి నాకు పంపు.