పరగడుపున 96, తిన్నాక 218: ఏది నమ్మాలి?

"నాన్నకు పరగడుపు షుగర్ 96, తిన్నాక రెండు గంటలకు 218. ల్యాబ్ తప్పా?"

రెండూ నిజమే కావచ్చండి. పరగడుపు అంకె రాత్రంతా లివర్ ఎంత గ్లూకోజ్ వదిలిందో చెబుతుంది. కొందరికి అదొక్కటే 110, 115 ఉండి, తిన్నాక మామూలుగా ఉంటుంది. అక్కడ లోపం ఎక్కువగా లివర్ వైపు. మీ నాన్నగారిది తిరగబడిన కేసు. అన్నం తినగానే ఇన్సులిన్ గబుక్కున రావాలి, కండరాలు గ్లూకోజ్‌ను లాక్కోవాలి. ఆ రెండూ మందగిస్తే షుగర్ పైకెళ్లి, తెల్లారేసరికి మెల్లగా దిగిపోతుంది. ఉదయం సూది గుచ్చితే దొరకదు.

కూకట్‌పల్లిలో మా మేనమామ మూడేళ్లు పరగడుపు రిపోర్ట్ చూసుకునే మురిసిపోయాడు. చివరికి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, రెండు గంటలకు చూస్తే 232! ఈ పరీక్షలో 140 లోపు మామూలు, 200 గానీ ఆపైన గానీ ఉంటే డయాబెటిస్.

అయితే భోజనం తిన్నాక వచ్చిన 218తోనే ముద్ర వేయకూడదు. డాక్టర్‌నడిగి ఈ గ్లూకోజ్ పరీక్ష, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా అంతకంటే ఎక్కువైతే డయాబెటిస్ కిందే లెక్క. రక్తహీనత ఉంటే మాత్రం ఆ అంకె తప్పుదారి పట్టించొచ్చు, ముందే చెప్పండి.